సప్లయర్‌తో వాట్సాప్‌లో తేల్చుకున్న బేరాన్ని ఈమెయిల్‌లోకి ఎక్కించడం

సందేహం: యూకేకి వచ్చి ఏడాది అయింది. రెడింగ్‌లో ఇంటి నుంచే చిన్నగా కేటరింగ్ మొదలుపెట్టాం. బియ్యం, ఫాయిల్ కంటైనర్లు ఇచ్చే హోల్‌సేల్ ఆయన మన తెలుగాయనే. రేటు, డెలివరీ, డబ్బు ఎప్పుడివ్వాలి, అన్నీ వాట్సాప్‌లోనే మాట్లాడుకున్నాం. సగం వాయిస్ మెసేజ్‌లు. దీన్ని ఈమెయిల్‌లో పెట్టుకోవాలా? పెడితే ఎలా రాయాలి?

పెట్టుకోవాలి. వాట్సాప్ ఒప్పందం చెల్లదని కాదు, చెల్లుతుంది కాబట్టే. 2025లో ఇంగ్లండ్ హైకోర్టు ఒక కూల్చివేత పని కేసులో, వాట్సాప్‌లో నడిచిన నాలుగు ముక్కలే పూర్తి కాంట్రాక్టు అని తేల్చింది. పని నాదేనా అని ఒకరు అడిగారు, అవునని ఇంకొకరు అన్నారు. తర్వాత కొన్ని రోజులకు ఒక పక్షం పద్ధతిగా తయారు చేసిన ఒప్పందాన్ని ఈమెయిల్‌లో పంపింది. అప్పటికే చాట్‌లో ఒప్పందం కుదిరిపోయింది కాబట్టి ఆ కాగితంలోని షరతులు దానికి వర్తించవన్నారు. గొడవ కూడా పెద్ద విషయం మీద కాదు, డబ్బు ఎప్పుడెప్పుడు అడగొచ్చన్న దాని మీద. అందుకే ఈమెయిల్ వెంటనే వెళ్లాలి, సరుకు బండి ఎక్కకముందే. అందులో మాట్లాడుకున్నదే ఉండాలి. మీకు ఇప్పుడు తట్టిన కొత్త షరతును మధ్యలో ఇరికిస్తే మొత్తం ఉత్తరం మీదే అనుమానం వస్తుంది.

ముందు చాట్ మొత్తం ఒకసారి కిందికి మీదికి చదవండి. వాయిస్ మెసేజ్‌లు మళ్లీ విని తేదీ, టైము, ఏమన్నారో ఒక కాగితం మీద రాసుకోండి. మీలాంటి వాళ్ల చాట్ సాధారణంగా ఇలా ఉంటుంది. జూన్ 5న సోనా మసూరి 20 కిలోల బస్తా 28.50 పౌండ్లన్నారు. మీరు 27 అడిగారు. "40 బస్తాలైతే 27కి ఇస్తా" అన్నారు. మర్నాడు మీరు "సరే అన్నా, 40 పంపండి" అన్నారు. పాత బియ్యమేనా అని అడిగితే బస్తా ఫొటో పెట్టి "ఏడాది పాతవి" అన్నారు. ఆదివారం రాత్రి వాయిస్ మెసేజ్‌లో 500 ఉండే కంటైనర్ల బాక్సు 36, ఐదు బాక్సులు, గురువారం పొద్దున డెలివరీ అన్నారు. డబ్బు సంగతి అడిగితే "30 రోజులు తీసుకోండి, టెన్షన్ వద్దు". బస్తా చిరిగి వస్తే? "చూద్దాంలే".

ఇందులో 28.50 సంగతి ఈమెయిల్‌కి అక్కర్లేదు. ఎవరు ఎంత అడిగారు, ఎవరు తగ్గారు అన్న కథంతా రాస్తే చదివేవాడు అసలు సంగతి వెతుక్కోవాలి. చివరికి నిలిచిన మాట మాత్రమే రాయండి. పాత బియ్యం సంగతి మాత్రం వదలొద్దు. కొత్త బియ్యమొస్తే పులిహోర ముద్దయిపోతుంది, కానీ ఇన్‌వాయిస్ మీద సోనా మసూరి అని మాత్రమే ఉంటుంది. ఆ ఫొటోనూ జత చేయండి.

ఇక అంకెల దగ్గర ఆగాలి. 27, 36 అన్న రేట్లలో వ్యాట్ ఉందా లేదా? బియ్యానికి యూకేలో వ్యాట్ సున్నా, కాబట్టి 40 బస్తాలకు 1,080 పౌండ్లు, అంతే. ఫాయిల్ కంటైనర్లకు 20 శాతం పడుతుంది. 36 మీద అదనమైతే ఐదు బాక్సులు 180 కాదు, 216. చాట్‌లో ఎవరూ అనలేదు కాబట్టి మీరు ఊహించి రాయకండి, అడగండి. 30 రోజులూ అంతే: ఇన్‌వాయిస్ తేదీ నుంచా, సరుకు దిగిన రోజు నుంచా?

ఎవరికి పంపుతున్నారో కూడా చూసుకోండి. మీరు మాట్లాడింది ఒక మనిషితో, ఆయన సొంత నంబర్‌లో. సరుకు అమ్మేది కంపెనీ. పాత ఇన్‌వాయిస్ మీదున్న పూర్తి పేరు, ఈమెయిల్ తీసుకోండి. లిమిటెడ్ కంపెనీ అయితే కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో పేరు ఉచితంగానే సరిచూసుకోవచ్చు. పేరు తప్పు రాస్తే రేపు ఎవర్ని అడగాలో తేలదు.

ఈమెయిల్ ఇంగ్లీషులోనే రాయండి, అకౌంటెంటుకైనా జడ్జికైనా అదే చూపించాలి. సబ్జెక్ట్‌లో ఆర్డర్, సరుకు పేరు, డెలివరీ తేదీ ఉంటే చాలు. లోపలి విషయం ఇలా ఉండొచ్చు:

"జూన్ 5 నుంచి 8 వరకు మనం వాట్సాప్‌లో అనుకున్నవి రికార్డు కోసం కింద రాస్తున్నాను. సోనా మసూరి, ఏడాది పాతవి, జూన్ 6న మీరు పంపిన ఫొటోలోని బ్రాండ్, 20 కిలోల బస్తాలు 40, ఒక్కోటి 27 పౌండ్లు, మొత్తం 1,080. ఫాయిల్ కంటైనర్లు 500వి ఐదు బాక్సులు, బాక్సు 36 పౌండ్లు. డెలివరీ జూన్ 12 గురువారం ఉదయం, మా చిరునామాకు. చెల్లింపుకు 30 రోజుల గడువు.

ఇంకా తేలనివి మూడు: కంటైనర్ల ధరలో వ్యాట్ కలిసిందా, 30 రోజులు ఏ తేదీ నుంచి, చిరిగిన బస్తాలు వస్తే ఏం చేయాలి. చిరిగినవి దించుకునేటప్పుడే ఫొటో తీసి పంపితే బిల్లులోంచి తీసేయాలన్నది నా ప్రతిపాదన. పైవాటిలో ఏదైనా తప్పుంటే జూన్ 10 సాయంత్రంలోగా చెప్పండి. సరైతే ఒక్క మాట జవాబివ్వండి."

రెండు పేరాలు విడివిడిగా ఎందుకంటే, "చూద్దాంలే"ని ఒప్పుకున్న వాటిలో కలిపేస్తే మీరు అబద్ధం రాసినట్టవుతుంది. మొదటి పేరాలో పేచీ రావచ్చనిపించిన ముక్క పక్కన మెసేజ్ తేదీ, టైము కూడా పెట్టండి. బస్తాల లెక్కకు అంత అక్కర్లేదు.

తెలుగాయన కదా, ఇలా రాస్తే నమ్మకం లేదనుకుంటారేమో అని చాలామంది వెనకాడతారు. పంపే ముందు "అన్నా, లెక్కల కోసం ఒక మెయిల్ పెడుతున్నా, చూసి ఓకే అనండి" అని చాట్‌లోనే చెప్పండి. వ్యాపారం చేసేవాళ్లకు ఇది మామూలే. ఆయన మెయిల్ తెరవకుండా వాట్సాప్‌లో "ఓకే" కొట్టినా పర్వాలేదు, ఏ మెయిల్ గురించి అన్నారో తెలిసేలా ఉంటే చాలు.

అసలు జవాబే రాకపోతే? ఇంగ్లండ్ చట్టంలో మౌనం సాధారణంగా అంగీకారం కాదు, 1862 నాటి ఒక తీర్పు నుంచీ అదే మాట. అంటే "జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే" అని మీరు రాసుకున్నంత మాత్రాన రెండో పేరాలోని మీ ప్రతిపాదన షరతు అయిపోదు. మొదటి పేరా సంగతి వేరు. అది ముందే కుదిరిన బేరానికి రికార్డు. అభ్యంతరం చెప్పకుండా ఆయన సరుకు పంపితే ఆ రికార్డుకు బలం పెరుగుతుంది. తేలని మూడింటికి మాత్రం బుధవారంలోగా ఫోన్ చేసి అడగండి. ఆయన చెప్పింది అదే మెయిల్‌కు కింద "ఈరోజు ఫోన్‌లో చెప్పినట్టు" అని రెండు వాక్యాల్లో జోడించి పంపండి.

ఈమెయిల్ పంపేశాం కదా అని చాట్ చెరిపేయకండి. ఆ చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే 24 గంటల్లోనో, 7 లేదా 90 రోజుల్లోనో పోతాయి. తర్వాత చాట్ తెరిచి Export chat నొక్కి, మీడియాతో సహా మీ ఈమెయిల్‌కే పంపుకోండి. ఆ ఫైల్లో అవతలి మనిషి పేరు మీరు ఫోన్‌లో సేవ్ చేసుకున్నట్టే వస్తుంది. "బియ్యం అన్న" అని సేవ్ చేసుంటే అదే కనిపిస్తుంది కాబట్టి, నంబర్ కనిపించే ప్రొఫైల్ స్క్రీన్‌షాట్ ఒకటి పక్కన పెట్టుకోండి.