గుర్రం కాలు, ఫిరంగి అడ్డు: ఓ యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం, దాంతో పాటు పెట్టిన షియాంగ్‌చీ, అంటే చైనా చదరంగం, సమస్య రెండూ చూశాను. వ్యాసం బాగా నడిచింది. సమస్య దగ్గరికి వచ్చేసరికి మాత్రం కోపం వచ్చింది. చివర్లో నువ్వు "ఇక నలుపు పని అయిపోయింది, జంట చెక్, ఆట కట్టు" అని రాసిన చోట ఆట కట్టలేదు. నీ గుర్రం కాలి దగ్గర, అంటే దూకే ముందు అది మొదటి అడుగు వేయాల్సిన కూడలిలో, నీ బంటే నిలబడి ఉంది. అంత చక్కటి సమస్యను అల్లినవాడివి దాని జవాబే తప్పు రాశావు, అందుకే కూర్చుని ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు బోర్డు సరిగ్గా పెట్టుకుందాం. చైనావాళ్లు ఎవరి కుడి చేతి వైపు నుంచి వాళ్లు నిలువు గీతలు లెక్కపెట్టుకుంటారు గానీ, మనవాళ్లకు అది తికమక. అందుకని ఎరుపు వైపు కూర్చుని, నిలువు గీతలు ఎడమ నుంచి 1 నుంచి 9, అడ్డగీతలు మన దగ్గర నుంచి 1 నుంచి 10 అనుకుందాం. ముందు నిలువు అంకె, తర్వాత అడ్డం అంకె. పావులు గళ్లలో కాకుండా గీతలు కలిసే కూడళ్ల మీద ఉంటాయి. నీ సమస్యలో నల్ల సేనాని 5-10లో, అతని భటుడు 4-10లో, నల్ల రథం 3-4లో ఉన్నారు. ఎర్ర సేనాని 4-1, గుర్రం 5-8, బోర్డు మధ్యలోని నది దాటి పక్కకు కూడా నడవగలిగే బంటు 6-9, ఫిరంగి 9-5. ఎరుపు ఆడాలి. రెండు ఎత్తుల్లో ఆట కట్టాలి.

నీ మొదటి ఎత్తు ఒప్పే. ఫిరంగి 9-5 నుంచి 5-5కి వస్తుంది. ఫిరంగికీ సేనానికీ మధ్య సరిగ్గా ఒక్క పావు, అంటే నీ గుర్రం ఉంది కాబట్టి చెక్. దీనికి గుర్రం వెనక ఫిరంగి అని చైనాలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన పేరుంది. 5-8లో ఉన్న గుర్రం 4-10నీ 6-10నీ కాపలా కాస్తుంది, ఫిరంగి మధ్య గీతనంతా కాస్తుంది, సేనానికి కదిలే దారి లేదు. చాలామంది పుస్తకం చూసి ఇక్కడే ఆట కట్టు అనేస్తారు. కానీ నల్ల భటుడు 4-10 నుంచి 5-9కి ఒక్క అడుగు వేశాడంటే ఏమవుతుందో చూడు. ఫిరంగికి మధ్యలో ఇప్పుడు రెండు పావులు, కాబట్టి చెక్ పోయింది. 5-9 అనేది గుర్రం 4-10 వైపు, 6-10 వైపు దూకడానికి మొదటి అడుగు వేయాల్సిన చోటు. అక్కడ భటుడు నిలబడ్డాడు కాబట్టి గుర్రం కాలు కట్టుబడింది, ఆ రెండు కాపలాలూ పోయాయి. ఒక్క భటుడు ఒక్క అడుగుతో రెండు పావుల పని చెడగొట్టాడు.

ఇదే నా నమ్మకం, ఎన్నేళ్లుగా ఎవరితో వాదించినా నేను వదలనిది. ఆట కట్టు వెతికేవాడు ముందు చెక్కులు వెతక్కూడదు. తన గుర్రం కాలు ఏ కూడలి మీద ఆధారపడి ఉందో, తన ఫిరంగి అడ్డు ఏ కూడలిలో ఉందో వెతకాలి. ఆ రెండూ ఒకే చోట పడితే ఎదుటివాడికి ఒక్క ఎత్తు చాలు. అవి వేర్వేరు చోట్ల పడితే ఒక్క ఎత్తుతో రెండింటినీ చెడగొట్టలేడు. రథంతో ఇచ్చిన చెక్‌కు ఇంత తలనొప్పి లేదు, సేనాని తప్పుకోవాలి, దారిలో ఏదైనా అడ్డం పెట్టాలి లేదా రథాన్ని చంపాలి, అంతే. ఫిరంగి చెక్‌కు ఇంకో మందు ఉంది. మధ్యలో ఉన్న అడ్డుపావు ఎదుటివాడిదే అయితే దాన్ని పక్కకు తీసేసినా చెక్ పోతుంది. ఫిరంగి ఎదురుగా ఖాళీ గీత మీద సేనాని హాయిగా కూర్చోవచ్చు. కొత్తవాళ్లు అడ్డం పెట్టడం చూస్తారు, తీసేయడం చూడరు.

ఇప్పుడు నీ రెండో ఎత్తు. భటుడు 5-9కి వచ్చాక నువ్వు గుర్రాన్ని 7-9కి దూకించి జంట చెక్ అన్నావు. గుర్రం తప్పుకుంది కాబట్టి ఫిరంగికి భటుడొక్కడే అడ్డుగా మిగిలాడు, ఫిరంగి చెక్ నిజమే. కానీ 7-9 నుంచి 5-10కి దూకాలంటే మొదటి అడుగు 6-9లో పడాలి, అక్కడ నీ బంటు ఉంది. తన పావైనా పరాయి పావైనా కాలికి అడ్డమే. అంటే నువ్వు ఇచ్చింది ఒంటి చెక్. నల్ల భటుడు 5-9 నుంచి 4-8కి తప్పుకుంటాడు, అడ్డు పోయింది, చెక్ పోయింది.

గుర్రాన్ని ఎడమవైపు 3-9కి ఎందుకు పంపలేదో నాకు తెలుసు. 3-4లో ఉన్న నల్ల రథం ఆ గీతనంతా కాస్తోంది, గుర్రం పోతుందని భయపడ్డావు. నిజానికి జవాబు అదే. 3-9 నుంచి గుర్రం కాలు 4-9లో పడుతుంది, అది ఖాళీ. ఫిరంగి అడ్డు 5-9లో ఉంది. రెండు కూడళ్లూ విడిపోయాయి. రథం గుర్రాన్ని చంపితే ఫిరంగి చెక్ మిగిలి ఉంటుంది. భటుడు తప్పుకుంటే గుర్రం చెక్ మిగులుతుంది. ఎవరైనా 4-9లో నిలబడి గుర్రం కాలు కట్టినా ఫిరంగి ఉండనే ఉంది, పైగా భటుడు ఆ కూడలిలో ఎప్పటికీ నిలబడలేడు, అతను ఐమూలగానే నడుస్తాడు, అతని గీతలు అటు పోవు. సేనాని కదులుదామంటే 6-10ని బంటు కాస్తోంది. 4-10కి వెళితే 4-1లో ఉన్న ఎర్ర సేనాని ఖాళీ గీత మీద ఎదురుపడతాడు, సేనానులిద్దరూ అలా ముఖాముఖి నిలబడకూడదు. అదీ ఆట కట్టు.

నువ్వు 4-1లో సేనానిని పెట్టింది ఇందుకేనా, అనుకోకుండానా అని చాలాసేపు ఆలోచించాను. ఎలా పెట్టినా సమస్య నిలబడింది. ఇంకో దారి కూడా ఉందనిపిస్తుంది, బంటుతో 5-9లో భటుడిని చంపి చెక్ ఇవ్వడం. ఆ బంటుకు గుర్రం మీదుగా ఫిరంగి కాపలా కూడా ఉంది, కాబట్టి సేనాని దాన్ని చంపలేడు. కానీ బంటు 6-9 వదిలేసింది, పైగా తానే 5-9లో నిలబడి గుర్రం కాలు కట్టింది. సేనాని 6-10కి నడిచి వెళ్లిపోతాడు. చూశావా, మళ్లీ అదే కూడలి.

సింగపూర్‌లో పనిచేసిన రోజుల్లో చైనాటౌన్‌లో క్రెటా అయర్ చౌక్ దగ్గర సాయంత్రాలు ముసలివాళ్లు ఆడుతుంటే వెనక నిలబడి చూసేవాణ్ని. నాకు వాళ్ల భాష రాదు, వాళ్లకు నా భాష రాదు. ఒక పెద్దాయన గుర్రాన్ని ఎత్తే ముందు, దాని పక్కనున్న ఖాళీ కూడలి మీద వేలితో రెండుసార్లు తట్టేవాడు. ఏదో అలవాటేమో అనుకున్నా చాలా రోజులు. తర్వాత గమనిస్తే, ఆయన తట్టింది ఎప్పుడూ గుర్రం వెళ్లబోయే చోట కాదు, వెళ్లాక దాని కాలు పడబోయే చోట. ఏ పుస్తకమూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు.

తిరిగొచ్చాక దీని మీదే తెలుగులో రాద్దామని ఒక వారపత్రికకు శీర్షిక మొదలుపెట్టాను. బొమ్మలు చేత్తో గీసి, పావుల పేర్లు తెలుగులో రాసి పంపేవాణ్ని. ఆ సంపాదకుడు నన్ను అడక్కుండా బొమ్మ మార్చి, పావుల్ని మన చదరంగంలోలాగా గళ్లలో పెట్టి అచ్చేశాడు. గళ్లలో పెడితే కాలు ఎక్కడ పడుతుందో చదివేవాడికి ఎలా తెలుస్తుంది? పైగా కాలు గురించి రాసిన పేరా మొత్తం "పాఠకుడికి టెన్షన్" అని కొట్టేశాడు. ఉత్తరాలొచ్చాయి, గుర్రం ఎందుకు దూకలేదు అని. జవాబు రాసి పంపితే వేయలేదు. శీర్షిక ఆగిపోయింది. ఇప్పటికీ ఆ పత్రిక చేతికి తీసుకోవాలంటే మనసు రాదు.

ఇప్పుడు ఇంకో ఫ్యాషన్ వచ్చింది, పదిహేను చెక్కులు వరసగా ఇచ్చి చివర్లో ఆట కట్టించే సమస్యలు. ప్రతి ఎత్తూ చెక్ అయితే ఎదుటివాడి జవాబులు రెండో మూడో ఉంటాయి, వాటిని లెక్కపెట్టడం ఓపిక పని. ఏ కూడలి వల్ల ఆ చెక్ బతికి ఉందో చెప్పకుండా చెక్కుల చిట్టా రాస్తే చదివేవాడికి మిగిలేదేమీ లేదు. చైనాలో రోడ్ల పక్కన పందెం సమస్యలు పెట్టేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఏడు నక్షత్రాల కలయిక అని పేరున్న సమస్య చూడు, రెండు వైపులా ఏడేసి పావులు. ఎర్ర వైపు కూర్చున్నవాడికి చెక్కులతో గెలిచేసినట్టే కనిపిస్తుంది. ఇద్దరూ సరిగ్గా ఆడితే అది డ్రా. డబ్బు పోగొట్టుకునేది చెక్కులు మాత్రమే చూసినవాడు.

మరో మాట. నువ్వు నల్ల రథాన్ని 3-4లో పెట్టావు, పనికొస్తుంది. కానీ నేనైతే 3-8లో పెడతాను. అప్పుడు రథం 5-8 గుర్రాన్ని సూటిగా చూస్తుంటుంది, ఫిరంగి చెక్ ఇవ్వగానే చదివేవాడు "గుర్రం పోయింది కదా" అంటాడు. పోదు. రథం వచ్చి గుర్రాన్ని చంపితే అదే 5-8లో నిలబడుతుంది, అంటే ఫిరంగికి తనే అడ్డుపావు అవుతుంది, చెక్ అలాగే ఉంటుంది. అది చెల్లని ఎత్తు. ఫిరంగి ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. అడ్డుపావు ఎవరిదన్నది ఫిరంగికి అక్కర్లేదు, ఒకటి ఉందా లేదా అన్నదే కావాలి. అయితే 3-5లో మాత్రం పెట్టకు, రథం నేరుగా వచ్చి 5-5లో ఫిరంగినే చంపేస్తుంది, సమస్య అక్కడితో సరి.

పుస్తకం ఎవరు వేస్తారు, పావులకు చైనా పేర్లు ఉంచాలా అని అడిగావు. అవి తర్వాత మాట్లాడుకుందాం.

వ్యాసంలో జవాబు భాగం మళ్లీ రాయి. ఎత్తులు మాత్రం రాసి వదిలేయకు. రెండో ఎత్తు దగ్గర ఆగి, 4-9 ఎందుకు ఖాళీగా ఉండాలో, 5-9లో భటుడు ఎందుకు నిండా ఇరుక్కున్నాడో రెండు వాక్యాల్లో చెప్పు. 7-9 ఎందుకు తప్పో కూడా చెప్పు, చాలామంది నీలాగే అటే దూకుతారు. అలాగే రథాన్ని 3-7లో పెట్టి ఒకసారి చూడు. ఫిరంగి చెక్‌కు నలుపుకు రెండో జవాబు పుడుతుంది, భటుడు కదలాల్సిన పనే ఉండదు. దానికి ఎరుపు ఏం చేయాలో, గుర్రం కాలు అప్పుడు ఎక్కడ పడుతుందో రాసి పంపు.

ఉంటాను,
మీ అన్నయ్య