అన్‌సీన్ కవితకు 45 నిమిషాలు

ప్రశ్న: నమస్కారం మేడం. మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇయర్ 11, ఏక్యూఏ జీసీఎస్‌ఈ ఇంగ్లిష్ లిటరేచర్ రాయబోతోంది. క్లాసులో చెప్పిన కవితలకు బాగానే రాస్తుంది. అన్‌సీన్ పోయెట్రీ దగ్గరే రెండు మాక్‌లలోనూ టైం చాల్లేదు, చివరి ప్రశ్న దాదాపు ఖాళీగా వదిలేసింది. "కవిత అర్థమైందమ్మా, రాయడమే కుదరలేదు" అంటోంది. జవాబు ఎలా అమర్చుకోవాలో చెప్తారా?

జవాబు: ముందు లెక్క చూడండి. పేపర్ 2 మొత్తం 2 గంటల 15 నిమిషాలు, 96 మార్కులు. అన్‌సీన్ సెక్షన్‌కి 32 మార్కులు, అంటే మూడో వంతు. కాబట్టి టైంలోనూ దాని వాటా మూడో వంతే, 45 నిమిషాలు. ఆ 32లో మొదటి కవిత మీద అడిగే మొదటి ప్రశ్నకి 24 మార్కులు, రెండో కవితతో పోల్చమనే రెండో ప్రశ్నకి 8. ఆ నిష్పత్తిలో మొదటిదానికి దాదాపు 33 నిమిషాలు, రెండోదానికి దాదాపు 12 వస్తాయి.

ఈ సెక్షన్ పేపర్లో ఆఖరున ఉంటుంది. నాటకమో నవలో, ఆ తర్వాత క్లాసులో చదివిన ఆంథాలజీ కవితలు, ఈ రెండూ తమ వాటా దాటి తిన్న నిమిషాలన్నీ దీని నెత్తినే పడతాయి. అందుకే మీ అమ్మాయి మాక్ పేపర్లు తెప్పించుకుని ముందు రెండు జవాబులు ఎన్ని పేజీలు వచ్చాయో చూడండి. అవి బారెడు ఉంటే జబ్బు కవిత దగ్గర లేదు. పరీక్ష మొదలైన గంటన్నరకి గడియారం ఎంత చూపిస్తుందో ముందే లెక్కేసుకుని, ఆ టైం రాగానే రాస్తున్న వాక్యం ముగించి అన్‌సీన్‌కి వచ్చేయాలి.

ఇక దేనికి మార్కులు ఇస్తారన్నది. మొదటి ప్రశ్నలో కవితను అర్థం చేసుకుని, అందులోని మాటలతో దాన్ని నిలబెట్టినందుకు 12. కవి భాషను, రూపాన్ని, అమరికను ఎలా వాడాడో చెప్పినందుకు 12. కవి ఏ కాలం వాడు, అప్పటి సమాజం ఎలా ఉండేది అన్నదానికి ఇక్కడ ఒక్క మార్కూ లేదు. ఆంథాలజీ జవాబుల అలవాటుతో పిల్లలు ఆ రెండు మూడు వాక్యాలు ఇక్కడా రాసేస్తారు. ఉత్త దండగ.

33 నిమిషాల్లో మొదటి 7 చదవడానికే. ముందు ప్రశ్న చదవాలి, తర్వాత కవిత రెండుసార్లు. రెండోసారి చదివేటప్పుడు చివరి రెండు పంక్తుల దగ్గర ఆగి, మొదటికీ చివరికీ ఏం మారిందో చూసుకోవాలి. కింది పంక్తులు ఈ జవాబు కోసమే అల్లినవి. పరీక్షలో కవితా, జవాబూ ఇంగ్లిష్‌లోనే అయినా, పద్ధతి చూపించడానికి తెలుగు చాలు.

నాన్న గొడుగు తలుపు వెనకే ఉంది.
వానొస్తే అది నన్ను చూస్తుంది.
నేను కొత్తది కొన్నాను,
మడిస్తే సంచిలో పట్టేది.
పాతది ఒక చువ్వ విరిగి
చేయి వేలాడేసిన మనిషిలా నిలబడింది.
ఈరోజు వాన. కొత్తది సంచిలోనే ఉంది.
నేను తడిసి వచ్చాను.

ప్రశ్న: తండ్రి పట్ల కూతురి భావాలను కవి ఎలా చూపించారు?

చాలామంది పిల్లలు ఇక్కడ మొదటి పంక్తి నుంచి కథ చెప్పడం మొదలుపెడతారు. గొడుగు ఉంది, కొత్తది కొన్నది, పాతది విరిగింది... సగం టైం అక్కడే అయిపోతుంది. అసలు విషయం ఉన్న చివరి పంక్తికి చేరేసరికి రెండు నిమిషాలు మిగులుతాయి. అందుకే రాయడానికి ముందు, మొత్తం కవిత మీద ఒకే ఒక్క వాక్యం అనుకోవాలి. "తండ్రి లేని లోటును ఈ కూతురు ఏడుపుగా కాక, తీర్చని బాకీలా మోస్తోంది." జవాబులో మొదటి వాక్యం అదే. ఉపోద్ఘాతం అక్కర్లేదు.

దాని కింద మూడు పేరాలు, ఒక్కోదానికి 7, 8 నిమిషాలు. మొదటిది గొడుగు "నన్ను చూస్తుంది" అన్నచోట. రెండోది కొత్త గొడుగు పక్కన "చేయి వేలాడేసిన మనిషి" అన్న పోలిక. మూడోది ముగింపు. కవితలో ఇంకా నాలుగు విషయాలు కనిపించినా వదిలేయాలి.

పేరా లోపల తేడా ఎలా ఉంటుందో చూడండి. తక్కువ మార్కులు తెచ్చే రకం ఇది: "కవి గొడుగుకు మనిషి లక్షణం ఆపాదించారు. దీనివల్ల పాఠకుడికి ఆసక్తి కలుగుతుంది." అలంకారం పేరు సరైనదే. కానీ ఆ రెండో వాక్యం ఏ కవితకైనా అతుకుతుంది, అంటే దేనికీ పనికిరాదు.

ఇప్పుడు ఇది: "వానొస్తే మనిషి గొడుగు వంక చూడాలి. ఇక్కడ గొడుగే 'నన్ను చూస్తుంది'. చూసే పని వస్తువుకి ఇవ్వడంతో కూతురు ఎవరి కంటికో దొరికిపోయినట్టు ఉంటుంది. ఆమెలో ఉన్నది బెంగ ఒక్కటే కాకపోవచ్చు, తప్పు చేశానన్న భావమూ కావచ్చు." చిన్న ముక్క కోట్ చేసి, అందులో ఒక్క క్రియాపదాన్ని పట్టుకుని, అక్కడి నుంచి కూతురి మనసుకి వెళ్లింది. "కావచ్చు" అన్న మాట కూడా ఊరికే లేదు. రెండు అర్థాలకు చోటున్నప్పుడు రెండూ చెప్పడమే పై లెవెల్ జవాబుకి గుర్తు.

అమరిక గురించి రాయాల్సింది ముగింపు పేరాలోనే. చివర్లో మూడు పొట్టి వాక్యాలున్నాయి, వాటి మధ్య "కానీ" లేదు, "అందుకని" లేదు. గొడుగు ఉండీ ఎందుకు తడిసిందో ఆమె చెప్పదు. ఆ కారణం రాయకపోవడమే కవి చేసిన పని. అంత్యప్రాస ఉందా, ఎన్ని చరణాలు అని లెక్కపెట్టే బదులు, ఇలా ఎక్కడ ఏం మారింది, ఏం దాచారు అని చూస్తే అమరిక మీద రాయడానికి సరుకు దొరుకుతుంది.

33వ నిమిషానికి మూడో పేరా సగంలో ఉన్నా రెండో ప్రశ్నకి వెళ్లిపోమనండి. అప్పటికే రెండు మంచి పేరాలున్న జవాబుకి ఇంకో రెండు వాక్యాలు కలిపితే పెద్దగా పెరగదు. ఖాళీ ప్రశ్నలో మొదటి నాలుగు వాక్యాలకు వచ్చేవి మాత్రం కొత్త మార్కులు.

రెండో ప్రశ్నలో ఉన్న 8 మార్కులూ కవుల పద్ధతులను పోల్చినందుకే. రెండో కవిత భావం విడిగా వివరిస్తూ కూర్చుంటే ఏమీ రాదు. 4 నిమిషాలు చదవడం, 8 నిమిషాలు రాయడం, రెండే పాయింట్లు. రెండో కవితలో ఒక కొడుకు చనిపోయిన తండ్రి గడియారానికి రోజూ కీ ఇస్తాడనుకోండి, అది "ఆయనలాగే ఐదు నిమిషాలు ఆలస్యం" అని ముగుస్తుందనుకోండి. మొదటి పాయింట్: ఇద్దరు కవులూ తండ్రిని ఒక వస్తువు ద్వారానే చూపించారు, అయితే గొడుగు కూతుర్ని చూస్తుంది, గడియారాన్ని కొడుకే నడుపుతాడు. రెండోది: ఒక ముగింపు కారణం దాచి బరువు పెంచింది, మరొకటి సరదా పోలికతో తేలికపరిచింది. ప్రతి వాక్యంలోనూ రెండు కవితలూ ఉండాలి. ఒక పేరా దీనికి, ఒక పేరా దానికి అని విడదీస్తే పోలిక చివరి వాక్యానికి జరిగిపోయి, అక్కడ టైం అయిపోతుంది.

ఇంట్లో సాధనకి ప్రతిసారీ పూర్తి జవాబు రాయించకండి. వారానికి నాలుగు కొత్త కవితలు ఇచ్చి, 7 నిమిషాల్లో ఆ ఒక్క వాక్యం, మూడు చిన్న కోట్‌లు మాత్రం రాయమనండి. వారానికి ఒక్కటి పూర్తిగా, గడియారం పెట్టి. అది అయ్యాక రెండు రంగుల పెన్నులతో కథ చెప్పిన వాక్యాలకి ఒక గీత, ఒక మాట ఎలా పనిచేసిందో చెప్పిన వాక్యాలకి ఇంకో గీత తనచేతే గీయించండి. మొదటి రంగు పేజీలో సగం దాటితే, టైం ఎక్కడికి పోతోందో తనకే కనిపిస్తుంది.