అమ్మానాన్నల బొమ్మకు ఏ ఫొటోలు పంపాలి?

"నాన్నగారి షష్టిపూర్తికి అమ్మానాన్నలిద్దరూ పక్కపక్కన కూర్చున్న బొమ్మ కావాలి. ఫోన్లో రెండు వందల ఫొటోలున్నాయి, ఏవి పంపమంటారు?"

ముందుగా సెల్ఫీలు పక్కన పెట్టేయండి. చేయి చాపిన దూరంలో తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. దాన్ని చూసి గీస్తే "నాన్నలా లేరే" అంటారు. ఎక్కడ తేడా వచ్చిందో మాత్రం చెప్పలేరు. ఐదారు అడుగుల దూరం నుంచి, కళ్ల ఎత్తులో తీసినవి ఏరండి.

ఆ తర్వాత వెలుగు చూడండి. పోయిన ఏడాది ఒక జంటకు ఇలాంటి బొమ్మే వేశాను. ఆయన ఫొటో ప్రకాశం బ్యారేజీ మీద మిట్టమధ్యాహ్నం తీసింది, కళ్ల గుంతలు నల్లగా ఉన్నాయి. ఆవిడది పెళ్లి మండపంలో ఫ్లాష్‌తో తీసింది, ముఖం పళ్లెంలా చదునుగా వచ్చింది. పక్కపక్కన పెడితే కత్తిరించి అతికించినట్టుంది. నీడలన్నీ ఊహించి మళ్లీ వేయాల్సి వచ్చింది, పోలిక కొంత పోయింది. ఆ లోటు నాకు ఇప్పటికీ బాధే.

అందుకే వీలైతే కొత్తగా తీయండి. మీ ఇంటి వరండా చాలు. ఉదయం ఎండ నేరుగా పడని చోట ఒకే కుర్చీలో ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెట్టండి. ఇద్దరికీ వెలుగు ఒకే పక్క నుంచి రావాలి. బ్యూటీ మోడ్ ఆపేయండి, అమ్మగారి కంటి చివరి ముడతలే నాకు కావాలి. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే ఆ ముడతలు మసకబారతాయి.

నాన్నగారు మామూలుగా నవ్వే ఫొటో ఒకటి, పాతదైనా సరే, జత చేయండి. గీసేది దాన్ని చూసి కాదు, పెదవుల తీరు తెలియడానికి.