పనుల లిస్టుకే స్ప్రెడ్‌షీట్ వాడండి

"ప్లానర్‌లో రాస్తే నిన్నటి పేజీలో మిగిలినవి మర్చిపోతున్నాను. యాప్‌లో పెడితే ఆ ఎర్ర లిస్టు చూసి టెన్షన్. షీట్‌కి మారిపోనా?"

పూర్తిగా వద్దండీ. ప్లానర్ ఉంచుకుని, పనులన్నీ షీట్‌లో పెట్టండి. A లో పని, B లో తేదీ, C లో అయిపోయాక x. D2 లో ఇది వేసి కిందికి లాగండి:

```
=IF(AND(B2<>"",C2="",B2<=TODAY()),1,"")
```

రోజూ పొద్దున D లో 1 ఉన్న వరుసలకు ఫిల్టర్ మళ్లీ అప్లై చేసి, మూడు నాలుగే ప్లానర్‌లోకి చేత్తో ఎక్కించండి. రాత్రికి కానివాటికి షీట్‌లో కొత్త తేదీ వేయండి. ఒకే పనికి మూడోసారి తేదీ మారుస్తున్నారంటే అది మరీ పెద్దదన్నమాట. 'కెమిస్ట్రీ రివిజన్' కొట్టేసి '3వ చాప్టర్, 10 లెక్కలు' అని రాయండి.

తేదీ గడిలో ఎడమవైపుకి అతుక్కుని కనిపిస్తే అది టెక్స్ట్‌గా పడి ఉండొచ్చు, ఫార్ములాకి దొరకదు. యాప్ అంటారా, టైముకి మోగాల్సిన వాటికి చాలు.