ప్రాజెక్టు అయిపోతోంది, మిల్లు ఎవరిది?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర పల్లె. పన్నెండు మంది ఆడవాళ్లం గ్రూపుగా చోళ్ల మిల్లు నడుపుతున్నాం. ఒక కంపెనీ సామాజిక సేవకని ఇచ్చే సీఎస్ఆర్ డబ్బుతో ఓ సంస్థ దాన్ని పెట్టింది. మార్చి 31తో నిధులు ఆగిపోతాయి. మిషన్ తమదేనని, వేరే ఊరికి పట్టుకెళ్తామని సంస్థవాళ్లు అంటున్నారు. షెడ్డు మా గ్రూపులోని ఒక సవర ఆదివాసీ ఆవిడ పొలంలో ఉంది, అంతా నోటిమాటే. ఏం చెయ్యాలండీ?

జవాబు: అమ్మా, ముందు మిషన్ సంగతి. సీఎస్ఆర్ డబ్బుతో కొన్న ఆస్తి ఎవరి పేరున ఉండాలో కంపెనీల సీఎస్ఆర్ నిబంధనల్లో 2021 జనవరిలో చేర్చారు. సీఎస్ఆర్ నంబరున్న సంస్థ పేరున ఉండొచ్చు, లబ్ధిదారుల స్వయం సహాయక గ్రూపు పేరున ఉండొచ్చు, లేదా ప్రభుత్వ సంస్థ పేరున ఉండొచ్చు. అంటే మీ పేరున రాయడానికి అడ్డేమీ లేదు. అయితే మీకే రాసి తీరాలని ఆ నిబంధన చెప్పదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. తేల్చేది కంపెనీకీ సంస్థకీ మధ్య ఉన్న ఒప్పందమే. దాని నకలు ఇమ్మని ఇద్దరికీ రాతపూర్వకంగా ఉత్తరం పెట్టండి. ప్రాజెక్టు ముగిశాక ఆస్తి ఎవరికి అప్పగించాలో అందులో ఉంటే దాన్ని పట్టుకోండి. లేకపోతే కంపెనీ సీఎస్ఆర్ అధికారిని కలిసి, మార్చిలోపే అప్పగింత పత్రం అడగండి. నిధులు ఆగాక మీ మాట వినేవాళ్లు దొరకరు. ఆ పత్రంలో మిషన్ సీరియల్ నంబరు, మోటారు నంబరు రాయించండి. మిషన్ చరాస్తి కాబట్టి దాన్ని దానంగా ఇచ్చి మీకు స్వాధీనం చేస్తే చాలు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

స్థలమే అసలు చిక్కు. రాయగడ షెడ్యూల్డ్ ప్రాంతం. ఒడిశా 1956 రెగ్యులేషన్ ప్రకారం ఆదివాసీ భూమి ఆదివాసీ కానివారికి బదిలీ చేస్తే చెల్లదు. లీజు కూడా బదిలీ కిందికే వస్తుంది. మీ గ్రూపులో ఆదివాసీలు కానివారు ఒక్కరున్నా, స్టాంపు కాగితం మీద లీజు రాసుకుంటే ధైర్యానికే తప్ప కోర్టులో నిలవదు. దానికి బదులు, మిషన్ గ్రూపుదేననీ ఎప్పుడైనా విప్పి తీసుకెళ్లొచ్చనీ ఆవిడ చేత రాయించుకోండి. అది భూమి బదిలీ కాదు. మెల్లగా పంచాయతీ స్థలం అడిగి, తీర్మానం చేయించుకుని షెడ్డు అక్కడికి మార్చండి. ఇప్పటి గోడలు మాత్రం ఆవిడ పొలంతోనే పోతాయనుకోండి.

మిల్లు మీ చేతికొచ్చినా ఖర్చులు రావాలి కదా. మొన్న ఇలాంటి గ్రూపు ఒకటి లెక్కలు పట్టుకొచ్చింది. ఆపరేటర్ జీతం 8 వేలు, కరెంటు 4 వేలు, రిపేర్లకు 2 వేలు, మొత్తం నెలకు 14 వేలు. కిలోకు 4 రూపాయల మర కూలి. అంటే నెలకు 3,500 కిలోలు ఆడించాలి, వాళ్లకు వస్తున్నది 2,500 కిలోలే. అంతవరకూ ఆపరేటర్ జీతం ప్రాజెక్టే ఇస్తుండడంతో లోటు కనబడలేదు. మీరు ఈ మూడు నెలలూ జీతం గ్రూపు డబ్బుతోనే ఇచ్చి చూడండి. లోటు తేలితే మర కూలి పెంచాలో, వారానికి మూడు రోజులే ఆడించాలో మార్చిలోపే తేల్చుకోవచ్చు.

కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో కూడా చూడండి. సంస్థ పేరునుంటే, వాళ్లు బకాయి పెట్టి వెళ్లిపోతే కనెక్షన్ తీసేస్తారు.