R² 0.83 వచ్చిందని లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: చిన్న వ్యాపారం నాది. ఆరు నెలల ప్రకటనల ఖర్చు, అమ్మకాలు ఎక్సెల్‌లో వేసి ట్రెండ్‌లైన్ పెడితే y = 5x + 145, R² = 0.8333 అని వచ్చింది (అన్నీ వేలల్లో). అంటే 83 శాతం నమ్మకంగా చెప్పొచ్చు కదా? లోన్ తీసుకుని ప్రకటనల ఖర్చు నెలకు 20 వేల నుంచి 40 వేలకు పెంచితే అమ్మకాలు 3,45,000 అవుతాయా? అమ్మకాల్లో నాలుగో వంతు నాకు మిగులుతుంది.

జవాబు: ఈ లెక్క చూసి లోన్ మాత్రం తీసుకోకండి. మీరు గీసిన గీతలో తప్పేం లేదు, దాన్ని చదివిన తీరులోనే ఉంది చిక్కంతా.

మీరు పంపిన అంకెల ప్రకారం ఖర్చు వరుసగా 10, 12, 14, 16, 18, 20 వేలు. అమ్మకాలు 190, 215, 205, 235, 230, 245 వేలు. సగటు అమ్మకం 220. ఒక్కో నెల అమ్మకం ఈ సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ తేడాల వర్గాలన్నీ కూడితే 2100 వస్తుంది. సగటు బదులు మీ గీత నుంచి తేడాలు తీసి అలాగే కూడితే 350 మిగులుతుంది. 350ని 2100తో భాగించి ఒకటిలోంచి తీసేస్తే 0.83. R² అంటే ఇంతే: ఈ ఆరు నెలల్లో అమ్మకాల హెచ్చుతగ్గుల్లో 83 శాతం గీతకు అందింది. వచ్చే నెల అంచనా నిజమయ్యే అవకాశం 83 శాతం అని కాదు. మీ అమ్మకాలన్నీ ఇప్పుడున్న దానిలో ఐదో వంతే అయినా R² ఇదే 0.83 వచ్చేది, x పక్కనున్న అంకె, అంటే స్లోప్ మాత్రం 5 నుంచి 1కి పడిపోయేది. అప్పుడు ప్రకటనల మీద పెట్టిన ప్రతి వెయ్యికీ నష్టమే. అందుకే డబ్బు నిర్ణయానికి ముందు చూడాల్సింది స్లోప్.

మీ స్లోప్ 5. ఖర్చు వెయ్యి ఎక్కువున్న నెలలో అమ్మకం సగటున ఐదు వేలు ఎక్కువుంది. అందులో మీకు మిగిలేది నాలుగో వంతు, అంటే 1,250. ప్రకటన వెయ్యి తీసేస్తే చేతికొచ్చేది 250. కాబట్టి స్లోప్ కనీసం 4 ఉంటేనే పెట్టిన డబ్బు వెనక్కొస్తుంది. మరి ఈ 5 ఎంత గట్టిది? ఎక్సెల్‌లో Analysis ToolPak యాడ్-ఇన్ ఆన్ చేసి Data Analysis కింద Regression నడిపితే స్లోప్ వరుసలో Lower 95%, Upper 95% అని రెండు అంకెలు కనిపిస్తాయి. మీ డేటాకు అవి దాదాపు 1.9, 8.1. అసలు స్లోప్ 2 కావచ్చు, 8 కూడా కావచ్చు. ఆరు నెలల డేటా ఇంతకంటే చెప్పలేదు. అది 2 అయితే ప్రతి అదనపు వెయ్యి మీద 500 పోతుంది, పైన లోన్ వడ్డీ!

ఇక 40 వేల సంగతి. మీరు 20 దాటి ఒక్కసారి కూడా ఖర్చు పెట్టలేదు, కాబట్టి అక్కడ గీత తిన్నగానే సాగుతుందో, వంగిపోతుందో ఈ డేటాలో లేదు. ఖర్చు కొంత దాటాక, ప్రకటన చూసి కొత్తగా కొనేవాళ్లు తగ్గడం మామూలే. (145కీ ఇదే మాట: ప్రకటనలు మానేస్తే 1,45,000 అమ్ముతారని దాని అర్థం కాదు.) పక్కనే ఉన్న 22 వేలకే గీత చెప్పే 2,55,000 చుట్టూ 95 శాతం అంచనా పరిధి సుమారు 2,20,000 నుంచి 2,90,000 దాకా పోతోంది.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ అనుమానం కలిగించింది ఇంకోటి. మీ ఖర్చు ప్రతి నెలా పెరుగుతూనే వచ్చింది. ఆ ఆరు నెలల్లో వ్యాపారం దానంతట అదే ఎదిగి ఉంటే, లేదా సీజన్ వచ్చి ఉంటే, ఆ పెరుగుదల కూడా ప్రకటనల ఖాతాలోనే పడుతుంది. ఏది ఎంతో విడదీసే దారి ఈ డేటాలో లేదు.

దాన్ని మీరే విడదీయొచ్చు, లోన్ అక్కర్లేదు. వచ్చే ఆరు నెలలు ఖర్చు వరుసగా పెంచకుండా 20, 12, 22, 14, 20, 12 వేలు ఇలా కిందా మీదా చేయండి. పాత ఆరు, కొత్త ఆరు కలిపి 12 నెలల ఖర్చు A2 నుంచి, అమ్మకాలు B2 నుంచి పెట్టి లెక్క మళ్లీ వేయండి, Regression కూడా నడపండి:

```
=SLOPE(B2:B13,A2:A13)
=RSQ(B2:B13,A2:A13)
=STEYX(B2:B13,A2:A13)
```

STEYX అంటే గీత నుంచి అమ్మకాలు మామూలుగా ఎంత తప్పుతాయో చెప్పేది. ఇప్పుడు 9.35, అంటే తొమ్మిది వేల పైచిలుకు. ఖర్చు తగ్గించిన నెలల్లో కూడా అమ్మకం తగ్గకపోతే పెరుగుదల ప్రకటనల వల్ల కాదన్న అనుమానం బలపడినట్టే. తగ్గి, Lower 95% అంకె 4 దాటితే అప్పుడు 25 వేలకు వెళ్లండి, సొంత డబ్బుతో. 40 గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.