ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టగానే వై-ఫై ఎందుకు పడకేస్తుంది?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌కి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టినప్పుడల్లా నెట్ నత్తనడక నడుస్తోంది. పీకేస్తే మళ్లీ మామూలే. వై-ఫై గీతలు మాత్రం నిండుగానే ఉంటాయి. వైరస్ ఏమో అని డిస్క్ ఫార్మాట్ కూడా చేశాను. ఇంకేం చేయాలి?

జవాబు:

అనవసరంగా ఫార్మాట్ చేశారండీ. డిస్క్‌లోని ఫైళ్లకీ దీనికీ సంబంధం లేదు. మీ డిస్క్ యూఎస్‌బీ 3ది అయ్యుంటుంది, మీ వై-ఫై 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తూ ఉంటుంది. ఆ పోర్టు, ప్లగ్గు, వైరు కలిసి చుట్టుపక్కల రేడియో రొద పుట్టిస్తాయి. ఆ రొదలో మీ ల్యాప్‌టాప్‌కి రౌటర్ మాట వినపడటం లేదు.

నాకూ అచ్చం ఇదే జరిగింది. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో పొద్దున్నే ఫొటోల బ్యాకప్ పెట్టి మీటింగ్‌లో కూర్చునేవాణ్ని. ఐదు నిమిషాలకే అవతలివాళ్ల గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చేది. నెట్ వాళ్లకి రెండుసార్లు కంప్లయింట్ ఇచ్చాను. లైన్ చూసే అబ్బాయి వచ్చి తన ఫోన్‌లో స్పీడ్ కొలిచి, "అంతా బాగానే ఉంది అన్నా" అని వెళ్లిపోయేవాడు. అతని తప్పేం లేదు, అతను వచ్చేసరికి డిస్క్ తీసి బీరువాలో పెట్టేసి ఉండేవాణ్ని. చివరికి గుట్టు విప్పింది మౌస్. డిస్క్ పెట్టినప్పుడల్లా వైర్‌లెస్ మౌస్ బాణం కూడా ఆగి ఆగి గెంతుతోందని ఒకరోజు గమనించాను. నెట్ కనెక్షన్‌తో మౌస్‌కి పనేముంది? రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, 2.4 గిగాహెర్ట్జ్.

యూఎస్‌బీ 3 వైరులో డేటా సెకనుకి 5 గిగాబిట్ల వేగంతో పోతుంది. 1, 0, 1, 0 అని మారుతూ పోయే సిగ్నల్‌ని ఊహించుకోండి. ఒక 1, ఒక 0 కలిస్తే ఒక ఆవృత్తి, కాబట్టి అది 2.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఊగుతుంది. వై-ఫై 1 నుంచి 13 దాకా ఛానళ్లు 2.412 నుంచి 2.472 గిగాహెర్ట్జ్ మధ్య ఉంటాయి, అంటే పక్కింటి గుమ్మంలోనే. పైగా యూఎస్‌బీ 3 బిట్లని కావాలనే కలగాపులగం చేసి పంపుతుంది కాబట్టి శక్తి ఒక్కచోట పోగుపడకుండా వెడల్పుగా పరుచుకుంటుంది. అందుకే ఛానల్ 1 నుంచి 11కి మార్చినా పెద్దగా లాభం ఉండదు. నేను మార్చి చూశాను. ఫిల్టర్ పెట్టి ఆ భాగాన్ని కోసేద్దామంటే అది డేటాలోనే భాగం, కోస్తే యూఎస్‌బీయే దెబ్బతింటుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. ఇంటెల్ 2012లోనే దీనిమీద ఒక వివరమైన పత్రం విడుదల చేసింది.

ఇంకో మెలిక ఉంది. ఫైళ్లు కాపీ చేయకపోయినా రొద ఆగదు. లింక్ మెలకువగా ఉన్నంతసేపూ ఖాళీగానైనా బిట్లు పోతూనే ఉంటాయి. "నేనేం కాపీ చేయట్లేదు కదా" అని డిస్క్‌ని అనుమానించకుండా వదిలేశాను, అక్కడే పప్పులో కాలేశాను.

మరి గీతలు నిండుగా ఎందుకున్నాయంటే, అవి చూపించేది రౌటర్ సిగ్నల్ ఎంత గట్టిగా వస్తోందన్నది. పక్కన రొద ఎంతుందో అవి చెప్పవు. వీధిలో పెళ్లి బ్యాండ్ పోతుంటే ఎదుటి మనిషి అంతే గట్టిగా మాట్లాడుతున్నా మనకి వినపడదు కదా, అలాగన్నమాట.

ఖాయం చేసుకోవడానికి విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, డిస్క్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి ఈ రెండూ కొట్టండి:

```
netsh wlan show interfaces
ping -n 50 192.168.1.1
```

రెండోది, అంటే పింగ్, రౌటర్‌ని 50 సార్లు పలకరించి జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చూపిస్తుంది, దాంట్లో మీ రౌటర్ అడ్రస్ ఇవ్వండి. చాలా ఇళ్లలో ఇదే ఉంటుంది, కొన్నిట్లో 192.168.0.1. రౌటర్‌ని పింగ్ చేయమనడం ఎందుకంటే, బయటి నెట్ లైన్ తగాదా ఇందులోకి రాకూడదని. నా దగ్గర డిస్క్ లేనప్పుడు పింగ్ 3, 4 మిల్లీసెకన్లు. పెట్టగానే కొన్ని 200 దాటాయి, 50లో 6 అసలు రానేలేదు. Signal మాత్రం 88 శాతం దగ్గర కదల్లేదు. Receive rate 144 నుంచి 26కి పడింది, Transmit rate మాత్రం అంతగా తగ్గలేదు. ఈ తేడానే అసలు ఆనవాలు. మన మాట వినాల్సిన రౌటర్ హాల్లో ఉంది, దాని చెవి దగ్గర రొద లేదు. రొదంతా మన చెవి దగ్గరే. ఒకవేళ పింగ్ రెండుసార్లూ బాగానే ఉంటే మీ సమస్య ఇది కాదు, వేరేచోట వెతకాలి.

మందు విషయానికొస్తే, మీ రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే ముందు దానికి మారండి. 5 గిగాబిట్ల యూఎస్‌బీ రొద 5 గిగాహెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి బాగా సన్నగిల్లుతుంది. నాకు మధ్యలో రెండు గోడలున్నాయి, నా గదికి 5 సరిగ్గా అందదు. అందుకని దూరం మీద పడ్డాను. ల్యాప్‌టాప్‌లో వై-ఫై యాంటెన్నాలు చాలా మోడళ్లలో తెర చుట్టూనో, మడత దగ్గరో ఉంటాయి. నేనేమో డిస్క్‌ని మడతకి ఆనుకున్న పోర్టుకి పెట్టి, తెర వెనకాలే పడుకోబెట్టేవాణ్ని. అవతలి వైపు, ముందుకున్న పోర్టుకి మార్చి, డిస్క్‌ని అర మీటరు ఎడంగా పెడితే పోయే పింగ్‌లు 6 నుంచి 1కి తగ్గాయి. వంటింటి అల్యూమినియం ఫాయిల్ కూడా డిస్క్‌కి చుట్టి చూశాను, మా ఆవిడ నవ్వడం తప్ప ఫలితం లేదు. రొదలో చాలా భాగం ప్లగ్గు, పోర్టు కలిసేచోట కారుతుంది, పెట్టె చుట్టూ చుడితే ఏం లాభం?

మౌస్‌కి మాత్రం ఒక మీటరు యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ వైరు కొని, దాని బుల్లి రిసీవర్‌ని పోర్టుకి దూరంగా తెచ్చి పెట్టాను. గెంతులు పూర్తిగా పోయాయి. మీది డెస్క్‌టాప్ అయ్యుండి వై-ఫై డాంగిల్ వాడుతుంటే ఇదే చిట్కా దానికీ పనిచేస్తుంది.

ఇక మీటింగ్ ఉన్న రోజుల్లో నేను చేసేది ఇది. నా డిస్క్‌కి వెడల్పాటి, మధ్యలో చిన్న నొక్కు ఉన్న సాకెట్ ఉంది. దాని రెండు భాగాల్లో పెద్దదాంట్లో పాత ఫోన్ మైక్రో యూఎస్‌బీ డేటా వైరు సరిగ్గా పడుతుంది. అలా పెడితే డిస్క్ యూఎస్‌బీ 2గా, 480 మెగాబిట్ల మీద నడుస్తుంది, 2.4 దగ్గర ఆ రొద ఉండదు. కాపీ వేగం సెకనుకి 100 మెగాబైట్ల పైనుంచి 35కి పడిపోతుంది, వెనకాల నడిచే బ్యాకప్‌కి అది చాలు. ఒక్క జాగ్రత్త: యూఎస్‌బీ 2 లెక్కలో పోర్టు ఇవ్వాల్సిన కరెంటు 500 మిల్లీ ఆంపియర్లే, యూఎస్‌బీ 3లో 900. వైరు సన్నగా ఉండి డిస్క్ టిక్కు టిక్కుమంటూ తిరగలేకపోతే వెంటనే తీసేయండి, ఆ వైరుతో పనికాదు.

మీ డిస్క్ సాకెట్ ఏ రకమో, ఆ పింగ్ అంకెలు ఎలా వచ్చాయో కింద రాయండి, చూసి చెప్తాను.